ఎక్స్‌పైరీ డబ్బా గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

గద్వాలలో షాపు చేతికి తీసుకున్న మూడు నెలలకే ర్యాకులన్నీ దులిపితే ఒక అట్టపెట్టె నిండా ఎక్స్‌పైరీ అయిన మందులు తేలాయని, వాటిని ఏం చేయాలో తెలియడం లేదని రాశావు. పెట్టె సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ పెట్టె ఎట్లా నిండిందో తెలియాలి. లేకపోతే వచ్చే ఏడు ఇంకో పెట్టె నింపుతావు.

నువ్వు రాసినవాటిలో పిల్లల ఐరన్ డ్రాప్స్ సంగతే తీసుకుందాం. వాటికింకా గడువుంది కాబట్టి పెట్టెలో పడలేదు. మీ వీధిలోని పిల్లల డాక్టరు గారు రాసే బ్రాండు అది. నెలకు 20 సీసాలు పోయేవి. పదికి రెండు ఉచితమని స్కీము వస్తే 30కి డబ్బు కట్టి 36 తెచ్చావు. సరుకు దిగిన వారానికే డాక్టరు గారు వేరే ఊరు వెళ్లిపోయారు. ఇప్పుడు నెలకు రెండు పోతున్నాయి. సీసా మీద గడువు వచ్చే మార్చి.

ఇప్పుడు జూలై ఆఖరు. గడువు మార్చి అంటే చట్టప్రకారం ఆ నెల చివరి రోజు దాకా మందు పనికొస్తుందనే. కానీ ఒక సీసా బిడ్డకు నెల రోజులు వస్తుంది. మార్చి 20న అమ్మితే సగానికి పైగా సీసా గడువు దాటాకే తాగుతుంది. కాబట్టి నీకు అమ్ముకోవడానికి మిగిలింది ఫిబ్రవరి దాకా, ఏడు నెలలు. నెలకు రెండు చొప్పున 14. చేతిలో ఉన్నవి 36. అంటే 22 సీసాలు ఎక్స్‌పైరీ డబ్బాలోకి పోతాయని ఈ రోజే తెలిసిపోతోంది. మార్చి దాకా ఆగి చూడాల్సిన పని లేదు.

డబ్బు లెక్క చూడు. జీఎస్టీ సంగతి పక్కన పెట్టి సీసా నీకు 60కి పడింది, ఎమ్మార్పీ 75 అనుకుందాం. 30 సీసాలకు 1,800 కట్టావు. 14 అమ్మితే 1,050 వస్తాయి. 750 పోయాయి. సీసాకు 15 రూపాయల లాభంతో ఆ 750 తిరిగి రావాలంటే ఇంకో 50 సీసాలు అమ్మాలి. నెలకు రెండు పోయే సరుకు అది! ఉచితంగా వచ్చిన ఆరు సీసాలను చూసి కొన్నావు గానీ, ఎంత కాలానికి కొంటున్నావో చూడలేదు. స్కీము లేకుండా కొన్నా ఇంతే. ఒక్క సీసా పాడైతే పోయే 60 రూపాయలు నాలుగు సీసాలు అమ్మితే గానీ రావు. ప్రభుత్వం ధర కట్టిన మందుల్లో మన లాభం అంతకంటే తక్కువ, కాబట్టి అక్కడ నాలుగుతో సరిపోదు.

అందుకే కొనేముందు అడగాల్సింది "ఎంత తగ్గింపు" అని కాదు. ఇప్పుడున్నది, తేబోయేది కలిపి ఎన్ని నెలలు వస్తుంది, గడువు ఎన్ని నెలలుంది. మొదటి అంకె రెండోదాన్ని మించితే స్కీమైనా వద్దు. ఒకే డాక్టరు రాసే బ్రాండు అయితే నేను నెల సరుకుకు మించి పెట్టను. డాక్టర్లు కదులుతుంటారు. 2022లో మా వనపర్తి, నాగర్‌కర్నూల్ రెండుచోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. అట్లా కొత్త డాక్టర్లు వచ్చినప్పుడల్లా చీటీల మీద పేర్లు మారతాయి. మందులో మార్పు లేకపోయినా బ్రాండు మారితే చాలు, పాతది ర్యాకులో కదలదు.

ఇంక ఆ డ్రాప్స్‌కు ఈ వారమే చేయాల్సింది ఒకటుంది. 20 సీసాలు పక్కకు తీసి, కొన్న బిల్లు నెంబరు, బ్యాచ్ నెంబరు రాసి స్టాకిస్టుకు చెప్పు. ఎనిమిది నెలల గడువున్న సరుకు అది, ఆ డ్రాప్స్ రాసే డాక్టరున్న ఇంకో ఊళ్లో ఆయన అమ్ముకోగలడు. కంపెనీ రెప్ వచ్చినప్పుడు ఆయనతో కూడా ఒక మాట చెప్పించు. ఉచితంగా ఇచ్చినవాటికి డబ్బివ్వరు కాబట్టి స్కీము విడగొట్టి సీసాకు 50 కట్టినా వెయ్యి వస్తుంది. మిగిలిన 16లో 14 అమ్మితే 1,050. 1,800కు 2,050 చేతికొచ్చినట్టు. అదే సీసాలను ఫిబ్రవరిలో పట్టుకెళ్తే ఎవరూ ముట్టరు. పక్క వీధి షాపులో పోతాయని అక్కడికి మాత్రం పంపకు. మన లైసెన్సు చిల్లర అమ్మకానిది. ఇంకో షాపు మళ్లీ అమ్ముకోవడానికి ఇవ్వాలంటే హోల్‌సేల్ లైసెన్సు కావాలి.

ఇప్పుడు ర్యాకు సర్దడం గురించి. ముందొచ్చింది ముందు అమ్మాలని కిరాణా కొట్లో నేర్పుతారు. మన దగ్గర ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు పోవాలి. రెండూ ఒకటే అనిపిస్తుంది గానీ కాదు. మార్చిలో తెచ్చిన బీపీ మాత్రల గడువు నవంబరు కావచ్చు, మేలో స్కీము మీద వచ్చినవాటి గడువు ఆగస్టు కావచ్చు. స్కీము సరుకులో గడువు తక్కువున్న బ్యాచ్‌లు రావడం నేను చాలాసార్లు చూశాను. అప్పుడు మేలో వచ్చినవే ముందుకు రావాలి. అట్టపెట్టె విప్పగానే స్ట్రిప్ చేతిలోకి తీసుకుని గడువు చదువు. బిల్లు మీద అచ్చయిన తేదీ నమ్మకు, అది ఎవరో టైపు చేసింది. ఉచిత స్ట్రిప్పులు ఒక్కోసారి వేరే బ్యాచ్‌వి ఉంటాయి, వాటినీ చూడు. ఒకసారి నేను బిల్లు చూసే కంప్యూటర్లో ఎక్కించాను. అది ఏడాది తర్వాతి తేదీ చూపిస్తూ పోయింది. గడువు దాటిన స్ట్రిప్పును చూసి చెప్పింది నేను కాదు, కొనడానికొచ్చిన ఒక టీచరమ్మ. ఆ రోజు ఆమె ముందు నిలబడ్డ తీరు ఇప్పటికీ మర్చిపోలేదు.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. మన పాలమూరు వాళ్లు ముంబైకో పూణేకో పనికి పోతూ మూడు నెలల షుగర్ మాత్రలు ఒకేసారి అడుగుతారు. వాళ్లకు దగ్గరి గడువు స్ట్రిప్పులు అంటగడితే అక్కడ ఏ షెడ్డులోనో గడువు దాటిన మాత్ర మింగుతారు. కొనే మనిషి వాడి ముగించే రోజు దాటాక కూడా గడువు మిగిలి ఉండాలి. అట్లా మిగిలేవాటిలో అన్నింటికంటే దగ్గరి గడువున్నది ఇవ్వు. దగ్గరి గడువువి ఐదు రోజుల కోసం వచ్చినవాళ్లకు పోతాయి.

కట్ స్ట్రిప్పుల సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. బ్యాచ్, గడువు స్ట్రిప్పుకు ఒక చివర ఉంటాయి. ఎప్పుడూ రెండో చివర నుంచి కత్తిరించు, తేదీ ఉన్న ముక్క ఆఖరిదాకా నీ దగ్గరుంటుంది. ఒకటి అయిపోకుండా ఇంకోటి తెరవకు. తేదీ లేని ముక్కను అమ్మలేవు, చాలామంది స్టాకిస్టులు దాన్ని వాపసు కూడా తీసుకోరు. నీ పెట్టెలో సగం ఇట్లాంటి ముక్కలే ఉంటాయని నా అనుమానం.

గడువులు గుర్తు పెట్టుకోవడానికి కంప్యూటర్ రిపోర్టు ఉంది, వాడుకో. కానీ దానికి ఎక్కించింది తప్ప ఇంకోటి తెలియదు. నేను పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుంటాను, నెలకో పేజీ. ఏడాది లోపు గడువుతో ఏ సరుకు వచ్చినా గడువు నెల పేజీలో పేరు, బ్యాచ్, ఎన్ని, ఏ స్టాకిస్టు అని రాస్తాను. రోజూ మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఒక ర్యాకు చేత్తో తిప్పి చూస్తాను. నెల మొదటి తేదీన నాలుగు నెలల తర్వాతి పేజీ తెరుస్తాను. అక్కడున్నవన్నీ కళ్ల ఎదుటికి వస్తాయి. పోయేవి ముందు వరుసలోకి, పోనివి వాపసుకు.

పోనివన్నీ తీసేయమనడం లేదు. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రల స్ట్రిప్ నీ దగ్గర ఏడాదికి ఒకటే పోవచ్చు. అది పాడైతే పాడవుతుంది, ఉంచు. నాగర్‌కర్నూల్ జిల్లాలో మన్ననూరు వైపు షాపు పెట్టుకున్నవాడైతే ఇంకా ఎక్కువ ఉంచాలి. అక్కడ మందు లేదంటే అచ్చంపేటకు దిగాలి. నెమ్మదిగా పోయే ప్రతి మందు దగ్గరా ఆగి, అడిగిన మనిషికి లేదంటే ఏమవుతుందో ఆలోచించు. ఇంకో బ్రాండుతో డాక్టరును అడిగి పని జరుపుకోగలిగితే తగ్గించు. లేకపోతే ఒకటో రెండో ఉంచి, వాటి నష్టాన్ని షాపు అద్దెలాగా లెక్క వేసుకో.

ఇంక ఆ పెట్టె. గడువు దాటిన మందు అమ్మకూడదు, అమ్మే సరుకుతో కలిపి ఉంచకూడదు. 1945 డ్రగ్స్ రూల్స్‌లో 65వ నిబంధన ఇది. కంపెనీకి వాపసు చేయడానికి ఉంచుకోవచ్చు, కానీ వేరే చోట, పెట్టె మీద "నాట్ ఫర్ సేల్" అని పెద్ద అక్షరాలతో రాసి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు ఆ మాట లేని పెట్టె కనబడితే నువ్వు వాపసుకు పెట్టావని ఎట్లా నమ్ముతారు? ఈ సాయంత్రమే రాసి అతికించు.

తర్వాత పెట్టెలోవి స్టాకిస్టు వారీగా విడదీయి. ఎవరి దగ్గర కొన్నది వాళ్లకే పోవాలి, ఇంకొకరికి ఇస్తే బ్యాచ్ చూసి తిప్పి పంపుతారు. బ్యాచ్, గడువు, ఎన్ని, కొన్న బిల్లు నెంబరు రాసి రెండు ప్రతులు తీయి. సరుకు తీసుకెళ్లే మనిషి సంతకం, తేదీ నీ ప్రతి మీద ఉండాలి. గడువు దాటాక ఎన్ని నెలల దాకా తీసుకుంటారో కంపెనీని బట్టి మారుతుంది, చాలాచోట్ల మూడు నెలలు. ఒక స్టాకిస్టు దగ్గర నేను నోటి మాట మీద రెండు పెట్టెలు ఇచ్చి ఏడాది తిరిగాను. ఆఖరికి "మీరు ఇచ్చినట్టు మా దగ్గర రాసి లేదు" అన్నారు. సంతకం లేదు కాబట్టి నేనేం అనలేకపోయాను. క్రెడిట్ నోట్ చేతికి రాకముందే తర్వాతి బిల్లులో ఆ మొత్తం కోసుకోకు, లెక్కలు చిక్కుపడతాయి. నోట్ వచ్చాక నీ జాబితాతో వరుస వరుస సరిచూసుకో. కొన్న ధర మొత్తం రాకపోవచ్చు, ఎంత కోశారో అడుగు. జీఎస్టీ ఎట్లా చూపాలో 2018 అక్టోబరులో వచ్చిన సర్క్యులర్‌లో ఉంది, మీ అకౌంటెంటుకు తెలుస్తుంది. ఇన్సులిన్ లాంటి ఫ్రిజ్ సరుకు గడువుండగా వాపసు తీసుకుంటారని ఆశ పెట్టుకోకు, దాన్ని వారం వారం తెచ్చుకోవడమే మేలు.

ఒక సంగతి మర్చిపోయాను. మీ వెనక గది పైన రేకులే కదా. అట్ట మీద 30 డిగ్రీలకు మించకూడదని రాసి ఉన్న మందుకు, ఏప్రిల్, మే నెలల్లో ఆ గదిలో పడి ఉంటే, అచ్చయిన గడువు వర్తించదు. తేదీ ఇంకా ఉన్నా ఆ సరుకును అమ్మేముందు నాకు ఫోన్ చెయ్యి.

మీ స్టాకిస్టు మనిషి మంగళవారం వస్తాడని రాశావు. సోమవారం రాత్రికి జాబితా తయారు చేసి ఫోటో తీసి పంపు. బ్యాచ్ నెంబర్లు కనబడేట్టు తీయి.

మీ మామ