లీజు పత్రంలో మూడు షరతులు: అద్దె పెంపు, కదలరాని గడువు, ఖాళీ చేసే పద్ధతి

పట్టణంలో పాల అమ్మకపు డిపో కోసం అద్దెకు తీసుకున్న భవనానికి లీజు పత్రం ఇరవై ముప్పై పేజీలుండటం మామూలే. భవనాల నిర్వహణ చూసే మేనేజరుకు అన్ని పేజీలతో పనిలేదు. అద్దె ఎప్పుడు, ఎంత పెరుగుతుంది? ఎప్పటిదాకా ఖాళీ చేయరాదు? చేయదలిస్తే ఎప్పుడు, ఎలా? ఈ మూడింటికీ జవాబులు ఒక కాగితం మీదికి రావాలి. ప్రతి జవాబు పక్కన పేరా నెంబరు, పత్రంలోని మాటలు ఉన్నవి ఉన్నట్లు, వాటినుండి మనం లెక్కకట్టిన తేదీ, ఈ మూడూ రాయాలి. సొంతమాటల్లో కుదించి రాస్తే అసలు మెలిక పోతుంది.

ఇందుకు ఒక యూనియన్ డిపో లీజును చూద్దాం. గడువు 9 సంవత్సరాలు. నెలకు అద్దె రూ. 40,000. డిపాజిట్ రూ. 2,40,000. పని ఆరంభించవలసింది అద్దె పేరా దగ్గర కాదు, రెండో పేజీలోని నిర్వచనాల దగ్గర. అక్కడ తేదీలు రెండున్నాయి. లీజు ప్రారంభ తేదీ 1-6-2021. మరమ్మతులకు మూడు నెలలు అద్దె లేకుండా ఇచ్చారు గనుక, అద్దె ప్రారంభ తేదీ 1-9-2021. ప్రతి షరతునూ చదివేటప్పుడు “ఇది ఏ తేదీ నుండి?” అని అడగాలి.

అద్దె పెంపు ఈ పత్రంలో అద్దె పేరాలో లేదు, చివరి షెడ్యూలులో ఉంది. “లీజు ప్రారంభ తేదీ నుండి ప్రతి మూడు సంవత్సరాలకు, అప్పుడు చెల్లిస్తున్న అద్దెపై 15 శాతం” అని రాశారు. కాబట్టి పెంపు 1-6-2024న వచ్చింది, సెప్టెంబరులో కాదు. అద్దె రూ. 46,000 అయింది. “అప్పుడు చెల్లిస్తున్న” అనే మాటను కూడా గమనించాలి. దాని ప్రకారం 2027లో అద్దె రూ. 52,900 అవుతుంది. “మొదటి అద్దెపై” అని ఉంటే రూ. 52,000 మాత్రమే. నెలకు తొమ్మిది వందలే గదా అనిపించవచ్చు. మూడేళ్లకు అది రూ. 32,400.

ఇక లాకిన్, అంటే ఖాళీ చేయరాని గడువు. ఐదో పేరా “అద్దె ప్రారంభ తేదీ నుండి 36 నెలలు” అంటుంది. అంటే 31-8-2024 వరకు. పెంపు ఒక తేదీ నుండి, లాకిన్ మరో తేదీ నుండి లెక్కకు వచ్చాయి. అసలు మెలిక పద్నాలుగో పేరాలో, ఖాళీ షరతుల మధ్య ఉంది. మూడు నెలల నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసు లాకిన్ ముగియక ముందు ఇవ్వరాదు అని. ఈ ఒక్క వాక్యం లేకుంటే 31-5-2024న నోటీసిచ్చి ఆగస్టు ఆఖరుకు తాళం అప్పగించవచ్చు. ఇది ఉండటంవల్ల నోటీసుకు మొదటి రోజు 1-9-2024, ఖాళీకి 30-11-2024.

ఆ యూనియన్ వారు మూడేళ్లు జూన్‌కు పూర్తవుతాయనుకుని 1-3-2024న నోటీసిచ్చారు. జూన్ నుండి నవంబరు వరకు ఆరు నెలలకు, రూ. 46,000 చొప్పున, రూ. 2,76,000 యజమాని అడిగాడు. డిపాజిట్ మొత్తం పోయినా ఇంకా రూ. 36,000 బాకీ! చివరకు నవంబరు ఆఖరు వరకు డిపోను అక్కడే నడిపి, అప్పుడు ఖాళీ చేశారు. ఖాళీ గదికి అద్దె కట్టడంకంటే అదే మేలు. ఇలాంటి తగాదా కోర్టుకెళితే, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను కింద యజమానికి దక్కేది సముచితమైన పరిహారమే. అడిగిందంతా తప్పక వస్తుందని లేదు. కాని దాని కోసం వకీలు దగ్గరకు వెళ్లవలసి వస్తుంది.

లాకిన్ ఇద్దరికీ వర్తిస్తుందా, అద్దెదారుకేనా అన్నది కూడా కాగితం మీద రాయాలి. ఈ పత్రంలో అద్దెదారుకే. యజమాని ఆరు నెలల నోటీసుతో ఎప్పుడైనా ఖాళీ చేయించవచ్చు. శీతల గది కట్టించిన యూనియన్‌కు ఇది చిన్న విషయం కాదు.

ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావలసినదే. కాని లీజులో ఈ షరతులు కోర్టులో నిలవడం కష్టం గనుక రిజిస్ట్రేషన్ నెంబరు, తేదీ కాగితం పైభాగాన ఉండాలి. తరువాత కుదిరిన అనుబంధ ఒప్పందాలు, అద్దె తగ్గించిన లేఖలు ఫైలులో వెతకాలి. అసలు పత్రం చెప్పినదాన్ని అవి మార్చి ఉండవచ్చు.

డిపాజిట్ తిరిగి వచ్చేది నోటీసు ముగిసిన నాటినుండా, తాళం అప్పగించిన నాటినుండా అన్నది చివరి అంశం. ఈ పత్రంలో తాళం అప్పగించిన 30 రోజులకు, అదీ భవనాన్ని మొదటి స్థితిలో ఇచ్చాక. శీతల గది, పలకల గోడ ఎవరి ఖర్చుతో తీయాలో, తీసే రోజులకు అద్దె నడుస్తుందో లేదో ఆ పేరాలోనే ఉంటుంది. నవంబరు 30న తాళం ఇవ్వాలంటే తీసే పని నవంబరు మధ్యలోనే మొదలుపెట్టాలి.