ఆర్‌టీజీఎస్ ఎందుకు తిరస్కారమవుతుంది?

మన్నెగూడలో ఒకరు స్థలం కొనుగోలుకు రూ.1,95,000 ఆర్‌టీజీఎస్‌లో పంపబోయారనుకుందాం. లావాదేవీ ముందుకు సాగదు. ఆర్‌టీజీఎస్‌లో కనీస మొత్తం రూ.2 లక్షలు. అంతకు తక్కువైతే, కనీస పరిమితి లేని నెఫ్ట్‌లో పంపాలి.

ఇప్పుడు అదే వ్యక్తి రూ.2,50,000 పంపుతూ, అమ్మకందారు పాత పాస్‌బుక్‌లో ఉన్న `ANDB`తో మొదలయ్యే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఇచ్చారు. అదీ చెల్లదు. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో విలీనమైంది. ఆ శాఖల కోడ్‌లు ఇప్పుడు `UBIN`తో మొదలవుతాయి.

ఐఎఫ్‌ఎస్‌సీలో 11 అక్షరాలుంటాయి. మొదటి నాలుగు బ్యాంకును, చివరి ఆరు శాఖను తెలుపుతాయి. అయిదోది ఎప్పుడూ సున్నా. అక్కడ ఇంగ్లిష్ `O` రాయడం సాధారణ పొరపాటు.

డబ్బు అవతలి బ్యాంకుకు చేరినా ఖాతాలో జమ చేయలేకపోతే, గంటలోపు లేదా ఆ ఆర్‌టీజీఎస్ పనిదినం ముగిసేలోపు, ఏది ముందైతే అప్పటికి, వెనక్కి పంపాలి. అయితే జమ పేరును బట్టి కాక, ఖాతా సంఖ్య ఆధారంగానే జరుగుతుంది. అందుకే పంపేముందు ఖాతా సంఖ్య, ఐఎఫ్‌ఎస్‌సీ ఇచ్చి, తెరపై కనిపించే లబ్ధిదారు పేరును సరిచూసుకోవాలి.

పరీక్ష కోణంలో:
- ఆర్‌టీజీఎస్ ప్రారంభం: 2004 మార్చి 26
- 24 గంటల సేవ: 2020 డిసెంబరు 14 నుంచి
- నిర్వహణ: రిజర్వు బ్యాంకు

మాదిరి ప్రశ్న: ఐఎఫ్‌ఎస్‌సీలో అయిదో స్థానంలో ఉండేది?
జవాబు: సున్నా