క్లయింట్ లెటర్ అడగబోయే పిల్లలకు

అమెరికాలో కన్సల్టెన్సీ తరఫున మరో కంపెనీలో పనిచేస్తూ, హెచ్‌1బి ఎక్స్‌టెన్షన్ దగ్గరపడగానే క్లయింట్ లెటర్ కోసం కంగారు పడే పిల్లలు తరచూ నాకు ఫోన్ చేస్తుంటారు. వాళ్లకు చెప్పేవే ఇవి.

1. ముందు ఐ-94 తీసి తేదీ చూసుకో. అప్రూవల్ నోటీసులో తేదీ చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఇండియా వెళ్లొచ్చేటప్పుడు పాస్‌పోర్టు గడువు దగ్గరపడి ఉంటే, ఎయిర్‌పోర్టులో అధికారి ఐ-94ను ఆ గడువు వరకే ఇవ్వొచ్చు. లెక్క ఐ-94 తేదీ నుంచే మొదలవ్వాలి. పిటిషన్ ఆరు నెలల ముందు నుంచే వేయొచ్చు గనుక, ఉత్తరం సంగతి అంతకు రెండు నెలల ముందే కదపాలి. గడువులోపు పిటిషన్ వేస్తే, ఐ-94 అయిపోయాక కూడా 240 రోజుల దాకా పని చేసుకోవచ్చు. కానీ ఆ ధీమాతో ఆలస్యం చేస్తే డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్ దగ్గర తిప్పలు తప్పవు.

2. నేరుగా క్లయింట్ మేనేజర్ దగ్గరికి పరిగెత్తకు. ముందు మీ కన్సల్టెన్సీలో చెప్పి, వాళ్ల లాయర్ దగ్గర ముసాయిదా తీసుకో. తర్వాత మేనేజర్‌ని అడుగు. ఆయన సరేనన్నా, సంతకం ఆ కంపెనీ లీగల్ వాళ్లు చూశాకే వస్తుంది. వారాలు పడుతుంది.

3. ఉత్తరంలో పొగడ్తలు వద్దు, పని వివరం కావాలి. నాకు తెలిసిన ఒక కుర్రాడు ఇన్సూరెన్స్ కంపెనీలో డేటా ఇంజినీరు. అతని మేనేజర్ మంచి మనసుతో 'బాగా కష్టపడతాడు, ఇతను మాకు కావాలి' అని రాసిచ్చాడు. ఇమిగ్రేషన్ నుంచి ఆర్‌ఎఫ్‌ఈ వచ్చింది: ఇతను చేసేదేమిటి, దానికి డిగ్రీ ఎందుకు?

రెండో ఉత్తరంలో ఏ పనికి ఎంత సమయమో శాతాల్లో రాయించాం. డేటా పైప్‌లైన్ల డిజైన్‌కు 40, క్లెయిముల డేటా మోడలింగ్‌కు 30, టెస్టింగ్‌కు 20, మిగతాది సమావేశాలకు. కంప్యూటర్ సైన్స్ లేదా దానికి దగ్గరి డిగ్రీ తప్పనిసరని, ప్రాజెక్టు ఎప్పటిదాకా ఉంటుందో, ఆఫీసు ఎక్కడో చేర్చాం. ఆ చిరునామా ఎల్‌సీఏలో ఉన్నదానితో సరిపోవాలి. 'ఏదో ఒక డిగ్రీ చాలు' అని రాస్తే మాత్రం కేసే కూలుతుంది. 2025 జనవరి నుంచి అమల్లోకొచ్చిన నిబంధనల ప్రకారం, క్లయింటు సిబ్బందిలో ఒకడిగా పనిచేసేవాడి విషయంలో చూసేది ఆ క్లయింటు ఏ డిగ్రీ అడుగుతున్నాడన్నదే, కన్సల్టెన్సీ అడిగేది కాదు. ఆ కుర్రాడికి అప్రూవల్ వచ్చింది.

4. ఉత్తరాలివ్వడం మా పద్ధతి కాదనే క్లయింట్లూ ఉన్నారు. గొడవ పడకు. పనుల ఒప్పందం, టైమ్‌షీట్లు, నీకు పని అప్పగించిన ఈమెయిళ్లు పోగుచేసి లాయర్‌కి ఇవ్వు. ఉత్తరమంత బలం ఉండదు, కానీ వీటితోనూ కేసులు గట్టెక్కాయి.

5. భార్యాబిడ్డల హెచ్‌4కి ఐ-539 ఫారం విడిగా వేయాలి. నీ పిటిషన్‌తో అది దానంతటదే జరిగిపోదు. పిటిషన్ సంగతి మాట్లాడే రోజే లాయర్‌ని దీని గురించీ అడిగెయ్.