ఆ రీల్‌కు డబ్బులు ఎవరిచ్చారు?

తిరుపతిలో కొత్త బిర్యానీ హోటల్ తెరిచినా, రేణిగుంట రోడ్డులో ప్లాట్లు వేసినా, చిత్తూరులో చీరల కొట్టు ఆఫర్ పెట్టినా ఇప్పుడు మొదటి కబురు రీల్‌లోనే వస్తోంది. మన యాసలో మాట్లాడే ఒక అన్నో అక్కో కెమెరా ముందుకొచ్చి, తినో కట్టుకునో చూపించి, ‘నేనే వాడినాను, సూపర్‌గా ఉంది’ అంటారు. ఆ మాటను ఇంట్లో పిల్లలు స్నేహితుడు చెప్పిన మాటలాగే వింటారు. ఆ స్నేహితుడు డబ్బు తీసుకుని చెబుతున్నాడేమోనన్న ఆలోచన చాలామందికి రాదు. రాకపోవడం వాళ్ల తప్పు కాదు, ఆ సంగతి కనపడకుండా దాచిపెట్టే పని అవతల జరుగుతోంది.

సంబంధం చెప్పడానికి వచ్చిన పెద్దమనిషి అబ్బాయి తరఫువాళ్ల దగ్గర కమీషన్ తీసుకున్నాడని తెలిస్తే మనం ఆయన్ను ఇంట్లోంచి పంపేయం. చెప్పేది వింటాం, కాకపోతే ఇంకో నలుగురిని విచారిస్తాం. ప్రేక్షకుడికి దక్కాల్సింది కూడా అంతే. డబ్బు తీసుకుని ప్రచారం చేయడం తప్పు కాదు. డబ్బు తీసుకున్న సంగతి దాచి, విచారించుకునే అవకాశాన్ని అవతలివాళ్ల చేతిలోంచి లాగేసుకోవడం తప్పు.

అందుకని పిల్లల చేతిలోంచి ఫోన్ లాక్కునే ముందు ఒకసారి పక్కన కూర్చుని వాళ్లతో పాటు రీల్స్ చూడండి. చూస్తూ ఒక్క ప్రశ్న అడగండి: ‘నాయనా, ఈ యన్న దుడ్లు తీసుకోని చెప్తా ఉండాడా, ఊరికే చెప్తా ఉండాడా?’ మొదట్లో పిల్లలు తెలియదంటారు. కొన్ని రోజులకు వాళ్లే కనిపెట్టడం మొదలుపెడతారు, ఎందుకంటే గుర్తులు ఉంటాయి. నిజాయతీగా చెప్పే యూట్యూబ్ వీడియోలో మొదట్లోనే Includes paid promotion అని కనిపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు కింద Paid partnership అని ఉంటుంది. దాచేవాళ్లు ఇరవై హ్యాష్‌ట్యాగుల మధ్య #ad ని ఇరికిస్తారు, లేదా ఎందుకో చెప్పకుండా కంపెనీకి ‘థ్యాంక్స్’ చెప్పి ఊరుకుంటారు. అసలేమీ చెప్పని రీల్‌లో వాళ్ల పేరుతోనే ఒక కూపన్ కోడ్ ఉంటే, ‘లింక్ బయోలో ఉంది’ అంటే, ఒకే వారంలో నలుగురైదుగురు దాదాపు అవే మాటలతో ఒకే వస్తువును పొగిడితే, ఒక్క లోపం కూడా చెప్పకపోతే అక్కడ అనుమానించాలి. ఇవి అనుమానానికి కారణాలే, రుజువులు కావు. ఆ తేడా కూడా పిల్లలకు చెప్పాలి. నిజంగా నచ్చి చెప్పేవాళ్లూ ఉంటారు.

ఈ దాపరికం ఎంత దూరం పోతుందో 2025లో మన తెలుగు రాష్ట్రాలు చూశాయి. ఆ ఫిబ్రవరిలో విశాఖపట్నంలో, మత్స్యకారుల జీవితం మీద వీడియోలు చేసి పేరు తెచ్చుకున్న ఒక యూట్యూబర్‌ను బెట్టింగ్ యాప్‌కు ప్రచారం చేశాడన్న ఆరోపణ మీద పోలీసులు అరెస్టు చేశారు. మార్చిలో హైదరాబాద్‌లో పంజాగుట్ట పోలీసులు పదకొండు మంది ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసు పెట్టారు. తర్వాత మియాపూర్ పోలీసులు పెట్టిన కేసులో రానా, విజయ్ దేవరకొండ, ప్రకాశ్ రాజ్ లాంటి సినిమా నటుల పేర్లు కూడా చేరాయి. అప్పట్లో తెలంగాణ ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్ ఈ ప్రచారాల మీద పట్టువదలకుండా మాట్లాడారు. కేసు పెట్టినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు, ఎవరి వాదన వాళ్లు చెప్పుకున్నారు. పాత యాడ్ అని, తప్పని తెలిశాక మానేశానని ప్రకాశ్ రాజ్ అన్నారు.

తల్లిదండ్రులు ఆ కేసుల్లో గమనించాల్సింది నా దృష్టిలో వేరే ఉంది. సినిమా నటుడు టీవీలో కనపడి ఒక యాప్ పేరు చెబితే అది యాడ్ అని ఇంటర్ చదివే పిల్లాడికి కూడా తెలుసు. రోజూ చేపల గురించో బైక్ గురించో సాయాల గురించో వీడియోలు చేసే కుర్రాడు మధ్యలో ఫోన్ స్క్రీన్ చూపించి, ‘నిన్న ఐదువందలు పెట్టినా, ఇంత వచ్చింది, లింక్ బయోలో ఇచ్చినా’ అంటే అది యాడ్‌లా వినిపించదు, అనుభవంలా వినిపిస్తుంది. ఆ లింక్ ద్వారా చేరిన ప్రతి మనిషికీ చెప్పినవాడికి కమీషన్ ముడుతుంటే, వినేవాడు పోగొట్టుకున్నా చెప్పేవాడి లాభం ఎక్కడికీ పోదు. పేరున్న హీరో యాడ్ కన్నా పక్కింటి అన్నలాంటివాడి రీల్ ఎక్కువమందిని ముంచగలదని నేను అనుకోవడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బెట్టింగ్ యాప్ విషయంలో ‘ఇది పెయిడ్ ప్రమోషన్’ అని రాసినా తప్పు ఒప్పు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీనీ బెట్టింగ్‌నూ నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా ఉండొచ్చు. మీ పిల్లాడికి అలాంటి ఆఫర్ వస్తే దానికి ఒకటే జవాబు: వద్దు.

మామూలు సరుకుల సంగతి వేరు. చేతిలో ఫోన్, నాలుగైదు వేలమంది ఫాలోవర్లు ఉన్న పిల్లలు మన ఊళ్లలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. మీ అమ్మాయి అలాంటిదే అనుకుందాం. శ్రీకాళహస్తిలో ఒక కొట్టువాళ్లు ఆమెకు కలంకారీ దుపట్టా ఒకటి ఊరికే ఇచ్చి, రెండు వేలు చేతిలో పెట్టి, ఆమె పేరుతో కూపన్ కోడ్ ఇచ్చి, అమ్మిన ప్రతి దుపట్టాకూ కొంత కమీషన్ అన్నారు. అడిగింది నలభై ఐదు సెకన్ల రీల్. ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండకపోతే ఆ ఒప్పందం మీద ఆమె సంతకానికి చట్టంలో విలువ లేదు. అందుకే మాట్లాడాల్సింది మీరు.

మొదట ఆమెతో కూర్చుని ఏమేం తీసుకుంటోందో లెక్క రాయండి. రెండు వేలు ఒకటే కాదు, దుపట్టా, కమీషన్ కూడా అందులో చేరతాయి. ‘డబ్బు తీసుకోలేదు, ఊరికే ఇచ్చినారు’ అనే మాట ఇక్కడ చెల్లదు. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం నియమాలు విడుదల చేసింది. డబ్బు, ఉచిత వస్తువులు, డిస్కౌంట్లు, హోటల్ బస, ప్రయాణాలు, బంధుత్వం, ఉద్యోగం, ఇవన్నీ ప్రేక్షకులకు చెప్పి తీరాల్సిన సంబంధాలేనని అందులో ఉంది. మేనమామ కొట్టు గురించి ఊరికే రీల్ చేసినా ఆయన మేనమామ అని చెప్పాలన్నమాట. ఆదాయపు పన్ను శాఖ కూడా 2022 జూలై నుంచి ఇలాంటి ఉచితాలను లెక్కలోకి తీసుకుంటోంది. ప్రచారం కోసం ఇచ్చిన ఫోన్‌ను ప్రచారం చేసినవాళ్లే ఉంచేసుకుంటే అది లాభం కింద లెక్క, తిరిగి ఇచ్చేస్తే కాదు.

తర్వాత రీల్‌లో ఎక్కడ చెప్పాలన్నది. వీడియో అయితే కింద వివరణలో రాసి వదిలేస్తే చాలదు, వీడియోలోనే రాయాలి, నోటితో కూడా చెప్పాలి. ఏ భాషలో ప్రచారం చేస్తే ఆ భాషలోనే చెప్పాలి. ప్రకటనల ప్రమాణాల మండలి, అంటే ఆస్కి, 2021లో పెట్టిన నియమం ప్రకారం పదిహేను సెకన్ల లోపు వీడియోలో ఆ మాట కనీసం మూడు సెకన్లు, రెండు నిమిషాల లోపు వీడియోలో మూడో వంతు సమయం కనపడాలి. అంటే మన నలభై ఐదు సెకన్ల రీల్‌లో పదిహేను సెకన్లు. నన్నడిగితే మొదటి నుంచి చివరి దాకా ఉంచమంటాను, ఎందుకంటే రీల్‌ను చాలామంది మధ్యలోనే పైకి నెట్టేస్తారు. ‘ఇది పెయిడ్ ప్రమోషన్. దుపట్టా, డబ్బు ఈ కొట్టువాళ్లు ఇచ్చారు. నా కోడ్‌తో కొంటే నాకు కమీషన్ వస్తుంది.’ ఈ మూడు వాక్యాలు చదవడానికి పది సెకన్లు కూడా పట్టవు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్న లేబుల్‌ను కూడా ఆన్ చేయించండి.

అంతటితో ప్రేక్షకుల బాకీ తీరిపోలేదు. తాను వాడని, విచారించని వస్తువును సిఫారసు చేయకూడదని కూడా కేంద్రం నియమాల్లో ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ అంటే చేత్తో కలం పట్టి గీసేది. గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టి, ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమితో నల్లగీతలు గీసి, రంగు రంగుకూ ఉతికి ఆరేస్తూ రోజుల తరబడి చేసే పని. అదే బొమ్మను స్క్రీన్ ప్రింట్ వేసి కలంకారీ పేరుతో తక్కువ ధరకు అమ్మడమూ ఉంది. ప్రింట్ అయితే ఒక నెమలికీ పక్క నెమలికీ గీత తేడా రాదు, చేతిపని అయితే వస్తుంది. మీ అమ్మాయి కొట్టువాళ్లను నేరుగా అడగాలి: ఇది చేతిపనా, ప్రింటా? ప్రింటే అయితే ప్రింట్ అని చెప్పి ప్రచారం చేయొచ్చు, బాగుంటే బాగుందనొచ్చు. ఉతికాక రంగు పోయిందా అన్నది కూడా ఒకసారి ఉతికి చూశాకే చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రచారం చేసినవాళ్లకు వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం పది లక్షల దాకా జరిమానా పడొచ్చు. ముందే తగినంత విచారించానని చూపగలిగితే ఆ చట్టమే వాళ్లను కాపాడుతుంది. కాబట్టి కొట్టువాళ్లు ఇచ్చిన జవాబు నోటి మాటగా కాక వాట్సాప్‌లో ఉండేలా చూడండి.

పేచీ వచ్చేది సాధారణంగా చివర్లో. ‘యాడ్ అని వేయొద్దమ్మా, రీచ్ తగ్గిపోతుంది’ అంటారు. అక్కడ పిల్లలు జంకుతారు. మొదటి డబ్బు, మొదటి ఆఫర్, పోతుందేమోనన్న భయం. ఆ సమయంలో వాళ్లకు మీరు అండగా ఉండాలి, కోపంతో కాదు, ఓపికతో. చెప్పాల్సిన మాటను ఇంట్లోనే ఒకసారి వాళ్లతో పలికించండి: ‘అన్నా, రాయకుండా చేయలేను, రూల్ ఉంది. మీకు సరేనంటే చేస్తా, లేదంటే దుపట్టా తిరిగి ఇచ్చేస్తా.’ కొట్టువాళ్లు ఒప్పుకుంటే మంచిదే. ఒప్పుకోకపోతే ఆ దుపట్టా మడత విప్పకుండా మీరే బస్సెక్కి తిరిగి ఇచ్చి రండి, పిల్లను ఒంటరిగా పంపొద్దు.

ఇప్పటికే ఏమీ రాయకుండా పెట్టేసిన పాత రీల్స్ ఉంటే వాటి గురించి పిల్లల్ని నిలదీయకండి. ఒక సాయంత్రం కూర్చుని, డబ్బో వస్తువో తీసుకున్నవి ఏవో వాళ్లనే ఏరమనండి. కనీసం క్యాప్షన్ మొదటి లైన్‌లోనైనా ఆ సంగతి రాయించండి, వాడకుండానే పొగిడినవి ఉంటే తీయించేయండి. రీల్ నమ్మి మీ ఇంట్లో ఎవరైనా మోసపోయి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. యాప్‌లో డబ్బు పోతే సైబర్ నేరాల నంబరు 1930కి వెంటనే చేయాలి, ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బును ఆపడం కష్టమవుతుంది. ఆ రీల్ లింకును, స్క్రీన్‌షాట్‌ను ముందే దాచుకోండి. ఫిర్యాదు అందేలోపు రీల్ తీసేసే అవకాశం ఉంది.