తిరిగిచ్చేసిన కుర్చీలకి అద్దె ఎందుకు?

(లోన్ వడ్డీ మీద వైట్‌బోర్డ్ వీడియో స్క్రిప్ట్. బ్రాకెట్లలో ఉన్నది బోర్డు మీద గీయాలి, మిగతాది గొంతుతో చెప్పాలి.)

[సీను. పక్కన బైక్. దాని మీద "తక్కువ పడింది: రూ. 1,00,000"]

ఇతను సీను. బైక్ కొనడానికి లక్ష రూపాయలు తక్కువయ్యాయి. సంవత్సరంలో తీర్చేస్తాడు. బ్యాంకు 12 శాతం వడ్డీ అంది. షోరూమ్‌లో కూర్చున్న ఫైనాన్స్ అతను "మాది 11 శాతమే, ఫ్లాట్" అన్నాడు. 11 తక్కువ కదా అని సీను అటే చూస్తున్నాడు. సంతకం పెట్టేలోపు మనం ఒక లెక్క వేద్దాం.

[టెంట్ హౌస్. వంద కుర్చీలు]

వడ్డీ అంటే డబ్బుకి కట్టే అద్దె. లక్ష రూపాయల్ని వంద కుర్చీలు అనుకోండి, ఒక్కో కుర్చీ వెయ్యి రూపాయలు. సంవత్సరానికి 12 శాతం అంటే నెలకి 1 శాతం. మన ఊళ్లలో "రూపాయి వడ్డీ" అనేది ఇదే, నూటికి నెలకి రూపాయి. అంటే ఒక్కో కుర్చీకి నెలకి పది రూపాయల అద్దె.

[మొదటి నెల: 8,885 = 1,000 వడ్డీ + 7,885 అసలు]

బ్యాంకులో సీను ఈఎమ్ఐ 8,885 రూపాయలు. పన్నెండో నెల కట్టేసరికి బాకీ సున్నా అయ్యేలా చూసి ఈ అంకె పెడతారు. మొదటి నెల వంద కుర్చీలూ సీను దగ్గరే ఉన్నాయి కాబట్టి అద్దె వెయ్యి. మిగతా 7,885 అసలులోకి పోయింది. అంటే దాదాపు ఎనిమిది కుర్చీలు వెనక్కి ఇచ్చేశాడు.

[ఎనిమిది కుర్చీలు చెరిపేయాలి. "బాకీ: 92,115"]

రెండో నెల అద్దె మిగిలిన కుర్చీలకే. 92,115లో 1 శాతం, అంటే 921 రూపాయలు. కట్టేది అదే 8,885 కాబట్టి ఈసారి అసలులోకి 7,964 వెళ్తుంది. ఇలా ప్రతి నెలా వడ్డీ ముక్క తగ్గుతూ, అసలు ముక్క పెరుగుతూ పోతుంది. చివరి నెల వడ్డీ 88 రూపాయలే. సంవత్సరం మొత్తం కలిపితే వడ్డీ దాదాపు 6,620. దీన్ని రెడ్యూసింగ్ బ్యాలెన్స్ పద్ధతి అంటారు. తెలుగులో చెప్పాలంటే, తగ్గుతున్న బాకీ మీద వడ్డీ.

[బోర్డు రెండో సగం. మళ్లీ వంద కుర్చీలు. పైన "11% ఫ్లాట్"]

ఇప్పుడు ఫ్లాట్ చూద్దాం. ఇక్కడ లక్షకి 11 శాతం, అంటే 11,000 వడ్డీని మొదటి రోజే అసలుకి కలిపేస్తారు. మొత్తం 1,11,000. పన్నెండుతో భాగిస్తే ఈఎమ్ఐ 9,250. బ్యాంకు కంటే నెలకి 365 ఎక్కువ, సంవత్సరానికి 4,380 ఎక్కువ. పేరుకి 11 శాతమే!

[కుర్చీలు టెంట్ హౌస్‌కి వెళ్లిపోతున్నాయి. వాటి కింద కూడా "అద్దె"]

ఎక్కడ తేడా వచ్చింది? ఆరో నెలకి సీను దాదాపు సగం కుర్చీలు ఇచ్చేసి ఉంటాడు. అయినా అద్దె మాత్రం వందకీ కడుతున్నాడు. సంవత్సరం మొత్తంలో సగటున అతని దగ్గర ఉన్న డబ్బు 55 వేల చిల్లరే. దానికి 11,000 వడ్డీ అంటే ఇరవై శాతం దగ్గర. కచ్చితంగా లెక్కేస్తే, రెడ్యూసింగ్ పద్ధతిలో ఇది దాదాపు 19.7 శాతం వడ్డీతో సమానం.

["ఈఎమ్ఐ × నెలలు − తీసుకున్న అప్పు = వడ్డీ"]

మరి ఎదురుగా ఉన్నది ఏ రకమో ఎలా కనిపెట్టాలి? ఈఎమ్ఐని నెలలతో గుణించి, తీసుకున్న అప్పు తీసేయండి. మిగిలింది మొత్తం వడ్డీ. అది అప్పు × శాతం × సంవత్సరాలకి సరిగ్గా సరిపోతే అది ఫ్లాట్. సీను విషయంలో 9,250 × 12 − 1,00,000 = 11,000. లక్షకి ఏడాదికి 11 శాతం కూడా అంతే. దొరికిపోయింది.

[ఒక కాగితం. మీద భూతద్దం]

ఇంకో చోట కూడా చూడండి. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్తగా ఇచ్చే రిటైల్ లోన్లకి కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ రూల్ పెట్టింది. అందులో ఏపీఆర్ అని ఒక శాతం ఉంటుంది. వడ్డీతో పాటు ప్రాసెసింగ్ ఫీజు లాంటివి కూడా కలిపి, సంవత్సరానికి నిజంగా ఎంత పడుతుందో చెప్పేది అదే. ఫీజు ఎక్కువైతే బ్యాంకు 12 శాతం కూడా పైకి వెళ్తుంది. అందుకే రెండు లోన్లని పోల్చేటప్పుడు బోర్డు మీద రాసిన శాతాల్ని కాదు, ఈ ఏపీఆర్‌లని పక్కపక్కన పెట్టాలి.

[సీను పెన్ను మూత పెట్టేస్తున్నాడు. నోటి దగ్గర బుడగ]

"అన్నా, ముందు ఆ కాగితం చూపించు."