రిటర్న్ ఇచ్చాం, డబ్బు ఎక్కడ ఆగింది? ఆరా తీయడం ఎలా?

మా పిన్ని ఆన్‌లైన్‌లో 1,499 రూపాయల చీర కొని, రంగు నచ్చక తిప్పి పంపింది. కట్టింది డెబిట్ కార్డుతో. 2025 జూన్ 7, శనివారం కొరియర్ అబ్బాయి వచ్చి చీర పట్టుకెళ్లాడు. సోమవారం పొద్దున్నే నాకు ఫోను: "డబ్బులింకా పడలేదేంట్రా?"

ముందుగా యాప్‌లో ఆ ఆర్డరు తెరిచి రిటర్న్ ఎంతవరకు వచ్చిందో చూడండి. పికప్ అయిందంటే చీర మన గుమ్మం దాటిందని మాత్రమే. ఆ అబ్బాయి పైపైన చూసి తీసుకెళ్తాడు. గోడౌన్‌కు చేరాక అసలు తనిఖీ జరుగుతుంది. చాలా ఆర్డర్లలో అది అయ్యాకే రిఫండ్ మొదలుపెడతారు. పిన్ని చీర మంగళవారం చేరింది, బుధవారం, అంటే 11న, 'రిఫండ్ ఇనీషియేటెడ్' అని కనిపించింది. మీరు రోజులు లెక్కపెట్టాల్సింది ఆ తేదీ నుంచి.

అప్పటికీ డబ్బు వెంటనే పడదు. మనం కట్టిన సొమ్ము ఎప్పుడో అమ్మకందారు వైపు వెళ్లిపోయి ఉంటుంది. రిఫండంటే పాత లావాదేవీని కొట్టేయడం కాదు, వెనక్కి నడిచే కొత్త లావాదేవీ. పేమెంట్ గేట్‌వే, అమ్మకందారు తరఫు బ్యాంకు, కార్డు నెట్‌వర్క్ దాటి మన బ్యాంకుకు రావాలి. కార్డు రిఫండ్లు ఒక్కొక్కటిగా కాక, కట్టలుగా వెళ్తాయి. అందుకే ఐదు నుంచి ఏడు పనిదినాలు పడుతుందంటారు. యూపీఐ అయితే సాధారణంగా ఇంకా త్వరగా వస్తుంది.

తర్వాత కస్టమర్ కేర్‌ను ఏఆర్ఎన్ అడగండి. ఇది కార్డు రిఫండ్‌కు ఉండే 23 అంకెల నంబరు. యూపీఐతో కట్టినవారు 12 అంకెల ఆర్ఆర్ఎన్ అడగాలి. "ప్రాసెస్‌లో ఉంది" అన్న జవాబుతో ఫోను పెట్టేయకండి. నంబరు పుట్టిందంటే రిఫండ్ షాపింగ్ కంపెనీ చేయి దాటిందన్నమాట. నంబరే లేదంటే డబ్బు ఇంకా వాళ్ల వైపే ఉన్నట్టు.

పిన్నికొచ్చిన నంబరులో ఎనిమిదో అంకె నుంచి పదకొండో అంకె దాకా 5163 అని ఉంది. 2025లో 163వ రోజు అని దానర్థం. అంటే జూన్ 12. యాప్‌లో 11 అని ఉన్నా, బ్యాంకుల దారిలో పడింది ఆ రోజే. 14 రెండో శనివారం, 15 ఆదివారం. 16న డబ్బు జమైంది.

ఎస్ఎంఎస్ కోసం ఎదురుచూడకుండా స్టేట్‌మెంట్‌లో మొత్తాన్ని బట్టి వెతకండి, షాపు పేరుకు బదులు గేట్‌వే పేరు ఉండొచ్చు. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే పొదుపు ఖాతాలో కాదు, కార్డు ఖాతాలో చూడాలి.

ఏడు పనిదినాలు దాటినా కనిపించకపోతే ఏఆర్ఎన్ రాసి మీ బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదివ్వండి. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు పెట్టవచ్చు. కంపెనీ నంబరే ఇవ్వకపోతే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోను చేయండి. పికప్ రసీదు దగ్గర ఉంచుకోండి.