ఎత్తు తగ్గిస్తే అదే పట్టా కింద ఎక్కువ బస్తాలు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: రాయితీ మీద వచ్చిన 8×6 మీటర్ల టార్పాలిన్ ఒకటి ఉంది. కొనుగోలు కేంద్రం దగ్గర 280 బస్తాల వడ్లు నెట్టు కట్టి పెట్టాం. పైన కప్పితే రెండు పక్కలా అడుగు వరస బయటికే కనిపిస్తోంది. చూడటానికి ఇంత పెద్ద పట్టా, ఎందుకు చాలడం లేదు? ఇంకా పెద్దది కొనాలా?
- ఒక రైతు, కరీంనగర్ జిల్లా

జవాబు: పట్టాను నేల మీద పరిచి చూస్తే నిజంగానే పెద్దగా కనిపిస్తుంది. కుప్ప మీద వేసేసరికి చిన్నదైపోతుంది, ఎందుకంటే పట్టాలో ఎక్కువ భాగాన్ని తినేసేది కుప్ప ఎత్తు. ఎత్తులో ప్రతి అడుగుకూ పట్టా పొడవులో రెండడుగులు, వెడల్పులో రెండడుగులు ఖర్చవుతాయి. ఒక పక్క ఎక్కి ఇంకో పక్క దిగాలి కదా.

కొనుగోలు కేంద్రాల్లో బస్తాకు 40 కిలోల వడ్లు పోస్తారు. అలాంటి బస్తాలు వరసకు 35 చొప్పున ఎనిమిది వరసలు పేరిస్తే 280 అవుతాయి. ఆ నెట్టు దాదాపు 15 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు ఉంటుంది. పొడవు లెక్కకు 15 తీసుకుని, రెండు పక్కల ఎత్తు 5, 5 కలపాలి. కింద నేల మీద పరుచుకోవడానికి, తాడు కట్టడానికి, మీద బరువు పెట్టడానికి ప్రతి పక్కా అడుగున్నర ఉండాలి. మొత్తం 28 అడుగులు. వెడల్పు లెక్క కూడా ఇలాగే చేస్తే 10, 5, 5, 3 కలిసి 23 అడుగులు వస్తుంది. 8×6 మీటర్లంటే అడుగుల్లో దాదాపు 26×20. అంటే వెడల్పులో పట్టా నేలను తాకడమే కష్టం, ఇక కట్టడానికి అంచు ఎక్కడ మిగులుతుంది? పొడుగు పక్కల రెండు వైపులా అడుగు వరస బయటపడటానికి కారణం ఇదే.

దీనికి ఇంకో అరడుగు కలుపుకోవాలి. నెట్టు పైభాగం చదునుగా ఉంటే వాన నీరు బస్తాల మధ్య పల్లాల్లో నిలుస్తుంది. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున్న గుంటలో సగటున రెండంగుళాల నీరు నిలిచినా 42 లీటర్ల పైమాటే. అంత బరువు పట్టాను ఇంకా కిందికి లాగుతుంది, గుంట ఇంకా పెరుగుతుంది, చివరికి ఎక్కడో ఒక కుట్టు వదులవుతుంది. అందుకే పైన నడిమధ్య పొడవు వెంట రెండు వరసల బస్తాలను మిట్టగా పేర్చి, రెండు చివర్లలో కాస్త ముందే ఆపి వాలు చేయాలి. అడుగున్నర మిట్టకు పట్టా అదనంగా పట్టేది సుమారు అరడుగే. కావాల్సిన కొలత మొత్తం 28.5×23.5 అడుగులని తేలింది. అంటే 30×24 పట్టా కొంటే కొంచెం మిగులుతుంది.

కానీ అంత పెద్దది కొనక్కర్లేదు. చేతిలో ఉన్న పట్టాకు తగ్గట్టు కుప్పను మార్చుకోవచ్చు, రైతుకు అది చవక. ఇందులో వినగానే నమ్మబుద్ధి కాని సంగతి ఒకటుంది. ఎత్తు పెంచితే ఒక పట్టా కింద ఎక్కువ బస్తాలు పడతాయని చాలామంది అనుకుంటారు. 8×6 మీటర్ల పట్టా కింద, అంచులకూ మిట్టకూ తీసేశాక, నెట్టు 5 అడుగుల ఎత్తు కట్టాలంటే నేల మీద మిగిలేది 12.7×6.2 అడుగుల జాగా మాత్రమే. అందులో పట్టేవి 145 బస్తాలకు మించవు. ఎత్తును 4 అడుగులకు దించితే జాగా 14.7×8.2 అవుతుంది, సుమారు 180 బస్తాలు పడతాయి. 3 అడుగులకు దించితే సుమారు 190. ఇంకా కిందికి, 2 అడుగులకు వెళ్తే మళ్లీ 170కి పడిపోతుంది. కాబట్టి ఆ పట్టాకు అనువైన ఎత్తు మూడు, నాలుగు అడుగుల మధ్యే. నెట్టు వెడల్పు తగ్గే కొద్దీ గాలికి అది నిలబడే తీరు కూడా తగ్గుతుంది. 6 అడుగుల వెడల్పుతో 5 అడుగుల ఎత్తు నెట్టు కడితే పక్కకు ఒరిగే భయం ఎలాగూ ఉంటుంది.

అంటే ఈ ఒక్క పట్టా కింద 280 బస్తాలు ఎలాగూ పట్టవు, కాబట్టి వాటిని రెండు కుప్పలుగా విడగొట్టి రెండు పట్టాలు వేయొచ్చు. ఇంకో మార్గం, పక్క రైతు దగ్గర ఇలాంటిదే ఇంకోటి దొరికితే ఇప్పుడున్న నెట్టునే ఉంచి రెంటినీ మూడడుగులు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పొడవున జోడించడం. అప్పుడు వచ్చేది దాదాపు 36×26, ఈ నెట్టుకు ధారాళంగా చాలుతుంది. జోడింపులో గాలి ఎటు నుంచి వస్తుందో ఆ వైపు పట్టా పైకి ఉండాలి, లేకపోతే గాలి సందులో దూరి తెర లేపుతుంది. జోడింపు గీత నీరు నిలిచే పల్లంలో పడకూడదు.

కుప్ప గుండ్రంగా, గుట్టలా ఉంటే ఈ కూడికలు పనికిరావు. అప్పుడు ఒక తాడు తీసుకుని నేల నుంచి మొదలుపెట్టి కుప్ప మీదుగా అవతలి నేల దాకా వేసి, ఆ తాడును టేపుతో కొలిచి, మూడడుగులు కలిపితే చాలు. పొడవుకు ఒకసారి, వెడల్పుకు ఒకసారి.

ప్రశ్న: పట్టా సరిపోయింది, నాలుగు మూలలా కట్టాం. అయినా తెల్లారి చూస్తే అడుగు బస్తాలు తడిసే ఉన్నాయి. పట్టాకు చిల్లు కూడా లేదు.
- ఒక కౌలు రైతు, సిద్దిపేట జిల్లా

జవాబు: ఏ వరస తడిసిందో చూస్తే కారణం దాదాపుగా తెలిసిపోతుంది. పై వరస మధ్యలో తడిస్తే నీరు నిలిచి కారిందన్నమాట. మూలల దగ్గర మాత్రమే తడిస్తే మడత గాలికి తెరుచుకుంది. పట్టా లోపలి వైపంతా చెమట పట్టినట్టు చుక్కలుంటే లోపలి వడ్లలోనే తేమ ఎక్కువ. 17 శాతానికి పైన తేమ ఉన్న వడ్లను మూసి ఉంచితే ఆ ఆవిరి పట్టాకు తగిలి తిరిగి బస్తాల మీదే కురుస్తుంది. వాన లేని పగటి పూట పక్కలు పైకి చుట్టి గాలి తగలనివ్వాలి.

ఈ కౌలు రైతుకు తడిసింది అడుగు వరస. దోషం పైపట్టాది కాదని చెప్పొచ్చు. అడుగున పరిచిన పట్టా నెట్టు కన్నా వెడల్పుగా ఉండి, పైపట్టా అంచు దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. పైనుంచి జారిన నీరంతా ఆ అడుగు పట్టా మీద పడి, దాని మీదే లోపలికి పారుతుంది. చిన్న చెరువు తవ్వి దానిలో బస్తాలు పెట్టినట్టే. దీనికి విరుగుడు సులువు. అడుగు పట్టా అంచులను పైకి మడిచి బస్తాలకు ఆనించాలి, పైపట్టా దానికి బయట నుంచి దిగి నేల మీద బయటికి పరుచుకోవాలి. పైపట్టా చివరను బస్తాల కిందికి దోపే అలవాటు కొందరికి ఉంది, అదీ నీటిని లోపలికి తీసుకెళ్లే దారే. చుట్టూ పారతో జానెడు లోతు కాల్వ తీసి పల్లం వైపు వదిలితే నేల మీది నీరు కూడా దగ్గరికి రాదు.

భారత ఆహార సంస్థ ఆరుబయట నిల్వ చేసేటప్పుడు ఎత్తు కట్టిన గట్టు మీద, చెక్క చట్రాల పైన బస్తాలను పేర్చి 250 మైక్రాన్ల మందం పాలిథిన్‌తో పైనా నాలుగు పక్కలా కప్పుతుంది. కల్లంలో అంత ఏర్పాటు కుదరదు. అయినా అడుగున దుంగలో, ఇటుకల మీద పలకలో వేసి బస్తాలను నేల నుంచి నాలుగంగుళాలు ఎత్తితే చాలా తేడా ఉంటుంది.

మూల మడతల గురించి ఒక్క మాట. మూల దగ్గర మిగిలే బట్టను కవరు మడిచినట్టు ఒకే వైపుకు మడిచి, మడత నోరు గాలికి ఎదురుగా లేకుండా చూసి, దాని మీదుగా తాడు చుట్టాలి. రింగులకు మాత్రమే తాడు కట్టి లాగితే ఈదురు గాలికి మొదట ఊడేవి అవే. తాడు పట్టా మీదుగా అవతలికి వేసి, రెండు చివర్లా ఇసుక బస్తాకో మేకుకో కట్టాలి. రింగు ఊడిపోయిన చోట చిన్న గులకరాయిని బట్టలో పెట్టి, దాని మెడకు తాడు బిగించి కడితే రింగు కన్నా గట్టిగా ఉంటుంది. పట్టా పైన రాళ్లు పెట్టడం మాత్రం మానాలి. అవి బట్టను కోస్తాయి, గుంటలు చేస్తాయి.

ప్రశ్న: 20 అడుగుల బాడీ లారీ ఉంది. బియ్యం బస్తాలు తోలేటప్పుడు 30×18 టార్పాలిన్ చక్కగా సరిపోయేది. గుంటూరు యార్డు నుంచి మిర్చి ఎత్తితే అదే టార్పాలిన్ పక్కల్లో పొట్టిదైపోతోంది. టన్నులు తక్కువే కదా?
- ఒక లారీ యజమాని, నరసరావుపేట

జవాబు: టన్నులకూ టార్పాలిన్‌కూ సంబంధం లేదు. ఎండు మిర్చి తేలిక, బస్తా లావు. అందుకే తక్కువ బరువుకే లోడు పైకి లేస్తుంది. లారీ మీద లెక్క నేల కుప్ప లెక్కకు భిన్నం. ఇక్కడ పట్టా కిందిదాకా దిగాల్సిన పని లేదు, పక్క గోడ అంచును దాటి రెండడుగులు బయటికి దిగితే వాన నీరు బాడీలోకి కాకుండా బయటికే జారుతుంది. కాబట్టి పక్క గోడల పైకి లోడు ఎంత లేచిందో ఆ ఎత్తే తీసుకోవాలి.

బాడీ వెడల్పు ఏడున్నర అడుగులనుకుందాం. బియ్యం లోడు గోడ పైకి రెండున్నర అడుగులు లేస్తే, రెండు పక్కలా అదనపు రెండడుగులతో కలిపి పదహారున్నర అడుగుల వెడల్పు చాలు. పొడవుకు 20, ముందూ వెనకా రెండున్నర చొప్పున, క్యాబిన్ వైపు రెండు, వెనక డోరు మీదికి మూడు, మొత్తం 30. అందుకే ఆ టార్పాలిన్ సరిగ్గా సరిపోయింది. మిర్చి లోడు గోడ పైకి 4 అడుగులు లేస్తే వెడల్పు 19.5, పొడవు 33 కావాలి. లారీ టార్పాలిన్లు కుట్టే చోట చెప్తే 34×20 కుట్టి ఇస్తారు. ఇంకా పెద్దది తీసుకోకపోవడమే మంచిది. వేలాడే మిగులు బట్ట గాలికి కొట్టుకుని తాడు రాపిడికి చిరుగుతుంది, వెనక లైట్లనూ నంబరు ప్లేటునూ కప్పేస్తుంది.

రెండు పట్టాలు వేసే పక్షంలో వెనకది ముందు పరిచి, ముందుదాన్ని దాని మీదికి మూడడుగులు ఎక్కించాలి. తిరగేస్తే ఎదురుగాలి సందులో దూరి హైవే మీద గాలిపటం చేస్తుంది. లోడు మూలల దగ్గర తాడు కిందికి పాత గోనె మడిచి పెడితే రాపిడి తగ్గుతుంది. పాత ట్యూబు ముక్కలతో కొక్కేలకు కడితే కుదుపులకు సాగి, రింగుల మీద బిగువు పడనివ్వవు. దారిలో లోడు కుదురుకుని తాళ్లు వదులవుతాయి, అందుకే బయల్దేరిన ఒక గంటలోపు ఆపి మళ్లీ బిగించాలి.

ప్రశ్న: కొన్న పట్టా మీద 30×24 అని ఉంది, కొలిస్తే అంత లేదు. మోసమా?
- ఒక వ్యాపారి, ఖమ్మం

జవాబు: మోసమూ కావొచ్చు, కాకపోనూ వచ్చు. కొందరు రాసేది అంచులు మడవక ముందు బట్ట కొలత. నాలుగు వైపులా అంచు మడిచి కుట్టాక ఆ మేరకు తగ్గుతుంది. కొన్ని అంగుళాలైతే మడతే కారణం, ఒక అడుగు దాటితే దుకాణదారును అడగాల్సిందే. కొనేటప్పుడు తయారైన కొలత బిల్లు మీద రాయించుకోవడం, టేపు పెట్టి రెండు వైపులా చూసుకోవడం మేలు. పైన లెక్కల్లో చెప్పిన అడుగులన్నీ తయారైన కొలతలే.